క్రియేటిన్: మోనోహైడ్రేటా, హైడ్రోక్లోరైడా, బఫర్డా? లేబుల్ లెక్క నుంచి రోజువారీ డోసు దాకా

"హెచ్‌సీఎల్, అదే హైడ్రోక్లోరైడ్ రకం అయితే ముప్పావు గ్రాము చాలట, మోనోహైడ్రేట్ అయిదు గ్రాములు మింగాలట. మరి ఏది కొనాలి?" కండరాల బలం కోసం వాడే క్రియేటిన్ సప్లిమెంట్ గురించి ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు అందరూ దాదాపు ఇవే మాటల్లో అడిగారు. ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు: మోనోహైడ్రేట్ కొనండి. కానీ ఆ జవాబు ఎందుకో తెలియకపోతే, వచ్చే నెల ఇంకో కొత్త డబ్బా కనిపించగానే మళ్లీ అదే అనుమానం వస్తుంది. అందుకే లెక్క ఎలా వేసుకోవాలో, ఎలా వాడాలో, తేడా కొడితే ఎలా గుర్తుపట్టాలో వరుసగా రాస్తున్నాను.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కిడ్నీల మీద ప్రభావం చూపే మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఇక్కడ రాసిందంతా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కోసం.

## 1. ముందు దేన్ని కొలవాలో తేల్చుకోండి

డబ్బాల మీద "వేగంగా కరుగుతుంది", "కడుపులో చెడిపోదు", "నీరు పట్టదు" అని రకరకాలుగా ఉంటుంది. వీటిలో ఏదీ మనకు కావలసిన ఫలితం కాదు. మనకు కావలసింది ఒక్కటే: కండరంలో క్రియేటిన్ నిల్వ పెరగాలి. నిల్వ పెరిగితేనే బరువులెత్తే సెట్టు చివర్లో ఒకటి రెండు రెప్స్ ఎక్కువ వస్తాయి, స్ప్రింట్‌కీ స్ప్రింట్‌కీ మధ్య త్వరగా తేరుకుంటారు. పెరగకపోతే నీళ్లలో ఎంత బాగా కరిగినా లాభం లేదు.

70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 120 గ్రాముల క్రియేటిన్ ఉంటుంది. అందులో 95 శాతం దాకా కండరాల్లోనే. రోజూ దాదాపు 2 గ్రాములు క్రియేటినిన్ అనే వ్యర్థంగా మారి మూత్రంలో పోతుంది. అందులో ఇంచుమించు సగాన్ని శరీరం తనే తయారు చేసుకుంటుంది, మిగతాది మాంసం, చేపల నుంచి రావాలి. శాకాహారులకు తిండి నుంచి వచ్చేది దాదాపు సున్నా. అందుకే వాళ్ల కండరాల్లో నిల్వ మొదటి నుంచీ కాస్త తక్కువగా ఉంటుంది, సప్లిమెంట్ మొదలుపెట్టాక పెరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ 2 గ్రాముల అంకెను గుర్తుపెట్టుకోండి. తర్వాత లెక్కలో ఇదే పనికొస్తుంది.

## 2. లేబుల్ మీది గ్రాములను అసలు క్రియేటిన్‌గా మార్చండి

పొడి అంతా క్రియేటిన్ కాదు. మోనోహైడ్రేట్‌లో ఒక్కో క్రియేటిన్ అణువుతో ఒక నీటి అణువు అంటిపెట్టుకుని ఉంటుంది. హైడ్రోక్లోరైడ్‌లో నీటి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది నీటికన్నా బరువు. కాబట్టి గ్రాముకు గ్రాము తూస్తే మోనోహైడ్రేట్‌లోనే క్రియేటిన్ ఎక్కువ:

- మోనోహైడ్రేట్ గ్రాములు × 0.88 = అసలు క్రియేటిన్
- హైడ్రోక్లోరైడ్ గ్రాములు × 0.78 = అసలు క్రియేటిన్
- బఫర్డ్ రకం: లోపల ఉన్నది మోనోహైడ్రేటే, దానికి క్షార పదార్థం కలుపుతారు. ఎంత కలిపారో లేబుల్ చెప్పకపోతే 0.88 కన్నా తక్కువే అనుకోండి.

ఇప్పుడు ఒక ఉదాహరణ. 70 కిలోల ఒక వ్యక్తి ముందు రెండు డబ్బాలు ఉన్నాయి. మొదటిది 300 గ్రాముల మోనోహైడ్రేట్ పొడి, రోజుకు 5 గ్రాములు. రెండోది హైడ్రోక్లోరైడ్ క్యాప్సూళ్లు, ఒక్కోదానిలో 750 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, మొత్తం 120 క్యాప్సూళ్లు. రెండూ 60 రోజులకే సరిపోతాయి. చూడ్డానికి సమానమే.

మొదటి డబ్బాతో రోజుకు 5 × 0.88 = 4.4 గ్రాముల క్రియేటిన్ అందుతుంది. రెండోదానితో 1.5 × 0.78 = 1.17 గ్రాములు. డబ్బా మొత్తం మీద చూస్తే మొదటిదానిలో 264 గ్రాములు, రెండోదానిలో 70 గ్రాములు. రెండు డబ్బాలూ ఒకే ధర అయినా, క్రియేటిన్ లెక్కన రెండోది దాదాపు మూడు ముప్పావు రెట్లు ఖరీదు.

ఇప్పుడు ఆ 2 గ్రాముల అంకెను తెచ్చి పక్కన పెట్టండి. ఒంటి నుంచి రోజూ పోయేదానిలో సగాన్ని శరీరమే భర్తీ చేస్తోంది. బయటి నుంచి వచ్చే 1.17 గ్రాములు మిగతా సగానికి సరిపోయి కొద్దిగా మిగులుతుంది, అంతే. మాంసాహారికైతే తిండి నుంచి వచ్చేది కూడా కలిసి నిల్వ నెమ్మదిగా పెరగొచ్చు. శాకాహారికి అది మాంసాహారులు తిండి నుంచి పొందేదానికి ఇంచుమించు సమానం, అంతే. 4.4 గ్రాములతో మాత్రం రోజూ ఎంతో కొంత కండరంలో చేరుతూనే ఉంటుంది, నిల్వ నిండేదాకా.

"మా రకం బాగా ఒంటబడుతుంది కాబట్టి తక్కువ చాలు" అన్నది దీనికి ప్రకటనల జవాబు. ఆ మాట నిలవాలంటే మోనోహైడ్రేట్ సరిగా ఒంటబట్టకూడదు. కానీ మామూలు డోసుల్లో నోటి ద్వారా తీసుకున్న మోనోహైడ్రేట్ దాదాపు మొత్తం పేగుల నుంచి రక్తంలోకి చేరుతుందని పరిశోధనలు చూపించాయి. ఉన్నదే నూటికి నూరు దగ్గరగా ఉంటే, దాన్ని దాదాపు నాలుగు రెట్లు పెంచడం ఎలా?

## 3. హైడ్రోక్లోరైడ్: గ్లాసులో కరగడం వేరు, కండరానికి చేరడం వేరు

హైడ్రోక్లోరైడ్ గురించి చెప్పే ఒక్క మాట నిజం: అది నీళ్లలో చాలా బాగా కరుగుతుంది. మోనోహైడ్రేట్ 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 14 గ్రాములే కరుగుతుంది. అంటే 250 మిల్లీలీటర్ల గ్లాసులో 5 గ్రాములు వేస్తే మూడున్నర గ్రాములు కరిగి, మిగతా ఒకటిన్నర గ్రాము అడుగున సన్నని ఇసుకలా నిలుస్తుంది. అది చూసి చాలామంది "ఇదేదో నాసిరకం" అనుకుంటారు. నాసిరకం కాదు, నీళ్లు చాల్లేదు.

అసలు విషయం కడుపులో జరుగుతుంది. కడుపులో ఉన్నదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మోనోహైడ్రేట్ అక్కడికి చేరి కరిగాక నీటి అణువును వదిలేస్తుంది, హైడ్రోక్లోరైడ్ తన ఆమ్లాన్ని వదిలేస్తుంది. ఆ తర్వాత పేగు గోడ దాటేది రెండిటి నుంచీ వచ్చిన ఒకే క్రియేటిన్. అది ఏ డబ్బా నుంచి వచ్చిందో పేగుకు తెలియదు.

శిక్షణతో పాటు రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలు కొన్నే ఉన్నాయి, అవీ చిన్నవి. వాటిలో బలం విషయంలో హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్‌ను దాటింది లేదు, ఇంచుమించు సమానంగా వచ్చింది. దీన్ని కొందరు "చూశారా, తక్కువ డోసుతోనే సమానం" అని చెప్పుకుంటారు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. కొన్ని వారాల చిన్న అధ్యయనంలో అందరూ బరువులెత్తుతుంటే అందరి బలమూ పెరుగుతుంది. క్రియేటిన్ వల్ల వచ్చే అదనపు తేడా ఆ పెరుగుదలలో సులభంగా కలిసిపోతుంది. తేడా కనిపించలేదంటే తేడా లేదని కాదు, పట్టుకునేంత మంది ఆ అధ్యయనంలో లేకపోయి ఉండొచ్చు.

కాబట్టి హైడ్రోక్లోరైడ్ పనిచేయదని నేను అనను. అదీ క్రియేటినే, పనిచేస్తుంది. తక్కువ గ్రాములతో అదే పని చేస్తుందన్న మాటకే ఆధారం లేదు.

## 4. బఫర్డ్ క్రియేటిన్: లేని జబ్బుకు మందు

బఫర్డ్ రకం వాదన ఇది: మామూలు క్రియేటిన్ కడుపులోని ఆమ్లంలో పడి క్రియేటినిన్‌గా మారిపోతుంది, అందుకే క్షారం కలిపి కాపాడాం, కాబట్టి 1.5 గ్రాములు చాలు.

ఆమ్లం వల్ల క్రియేటిన్ చెడిపోవడం నిజమే, కానీ దానికి పట్టే సమయం చూడండి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 3.5 ఉన్న ద్రవంలో మూడు రోజులు ఉంచితే సుమారు 21 శాతం పోతుంది. పీహెచ్ 5.5 అయితే 4 శాతం. ఇవి రోజుల లెక్కలు, క్రియేటిన్ కడుపులో ఉండేది గంటల్లో. పైగా కడుపు అంత ఘాటైన ఆమ్లంలో, అంటే పీహెచ్ 2.5 కన్నా దిగువన, ఈ మార్పు ఇంకా నెమ్మదిస్తుంది. కాపాడాల్సిన నష్టమే దాదాపు లేదు.

దీన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనం 2012లో వచ్చింది. శిక్షణ ఉన్న 36 మంది మగవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు మోనోహైడ్రేట్ రోజుకు 20 గ్రాములు వారం, తర్వాత 5 గ్రాములు మూడు వారాలు వాడింది. ఇంకో గుంపు బఫర్డ్ రకాన్ని ఇవే డోసుల్లో వాడింది. మూడో గుంపు బఫర్డ్ రకాన్ని తయారీదారు చెప్పినట్టే రోజుకు 1.5 గ్రాములు వాడింది. తొడ కండరం నుంచి సూదితో చిన్న ముక్క తీసి క్రియేటిన్ కొలిచారు.

28 రోజులకు సగటు పెరుగుదల, కిలో ఎండు కండరానికి మిల్లీమోల్స్‌లో, మోనోహైడ్రేట్ గుంపులో 22, ఎక్కువ డోసు బఫర్డ్‌లో 9, తక్కువ డోసు బఫర్డ్‌లో 5. మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువగా ఉండటంతో గణాంకాల ప్రకారం ఈ గుంపుల మధ్య తేడా నిలబడలేదు. కాబట్టి "బఫర్డ్ కన్నా మోనోహైడ్రేట్ గొప్పదని రుజువైంది" అనకూడదు. కానీ బఫర్డ్ రకం మెరుగన్న మాటకు ఇక్కడ ఆనవాలు కూడా లేదు. దుష్ప్రభావాల్లోనూ తేడా రాలేదు. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది మోనోహైడ్రేట్ తయారు చేసే కంపెనీ, అదీ గుర్తుంచుకోవాల్సిందే. అయితే కండరం ముక్కలో కొలిచిన అంకెను కాదనాలంటే అవతలివైపు నుంచి అలాంటి కొలతే రావాలి.

మిగతా రకాల గురించి ఒక్క ముక్క. ఇథైల్ ఎస్టర్‌ను మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి: అది శరీరంలోని పీహెచ్ దగ్గర చకచకా క్రియేటినిన్‌గా మారిపోతుంది, మోనోహైడ్రేట్‌తో పోల్చిన అధ్యయనంలో రక్తంలో క్రియేటినిన్‌ను పెంచింది. సిట్రేట్, మలేట్, నైట్రేట్ లాంటి వాటికి రెండో మెట్టులో చెప్పినట్టే, క్రియేటిన్ వాటా ఎంతో చూసుకోండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

## 5. డబ్బా ఎంచుకునేటప్పుడు

- పదార్థాల జాబితాలో ఒకే పేరు ఉండాలి: క్రియేటిన్ మోనోహైడ్రేట్.
- ఒక్కో డోసులో ఎన్ని గ్రాములో స్పష్టంగా రాసి ఉండాలి. "ప్రత్యేక మిశ్రమం" అని మొత్తం బరువు ఒక్కటే ఇస్తే వదిలేయండి.
- స్వతంత్ర సంస్థ పరీక్షించిన గుర్తు ఉంటే మంచిది. పోటీల్లో పాల్గొనేవాళ్లకు ఇది తప్పనిసరి అనుకోండి. ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్, ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ అనేవి ఇలాంటివే. బ్యాచ్ నంబరు వాళ్ల సైట్‌లో ఉందో లేదో చూసుకోండి.
- "మైక్రనైజ్డ్" అంటే పొడిని ఇంకా సన్నగా నలిపారు, అంతే. కలపడానికి హాయిగా ఉంటుంది, పదార్థం అదే.
- ముందే కలిపి సీసాల్లో అమ్మే క్రియేటిన్ పానీయాలు వద్దు. ద్రవంలో నిల్వ ఉంటే ఏమవుతుందో పైన చూశాం.

## 6. వాడే వరుస

రెండు దారులున్నాయి, రెండూ ఒకే చోటికి చేరతాయి. 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకు 20 గ్రాములు ఆరు రోజులు వాడినవాళ్లకూ, రోజుకు 3 గ్రాములు 28 రోజులు వాడినవాళ్లకూ కండరంలో నిల్వ దాదాపు ఒకేలా, సుమారు 20 శాతం పెరిగింది. తేడా అంతా ఎంత త్వరగా అన్నదే.

తొందర లేకపోతే: మొదటి రోజు నుంచే రోజుకు 3 నుంచి 5 గ్రాములు. నాలుగు వారాల్లో నిల్వ నిండుతుంది. నన్నడిగితే ఎక్కువమందికి ఇదే సరైన దారి.

తొందర ఉంటే, దీన్నే లోడింగ్ అంటారు: కిలో బరువుకు 0.3 గ్రాముల చొప్పున ఐదు నుంచి ఏడు రోజులు. 70 కిలోలకు అది 21 గ్రాములు. దాన్ని ఐదు భాగాలు చేసి, ఒక్కోసారి 5 గ్రాములు దాటకుండా చూసుకోండి. ఆ తర్వాత రోజుకు 3 నుంచి 5 గ్రాములు.

మొదటిసారి స్కూప్‌ను వంటింటి త్రాసు మీద తూచి చూడండి. ఒకే స్కూప్‌లో వదులుగా నింపితే ఒక బరువు, నొక్కి నింపితే ఇంకో బరువు వస్తుంది. ఒక్కసారి తూస్తే ఎక్కడిదాకా నింపాలో తెలిసిపోతుంది.

కలిపే పద్ధతి సులువు. 350 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో 5 గ్రాములు దాదాపు పూర్తిగా కరుగుతాయి. గోరువెచ్చని నీళ్లయితే ఇంకా తక్కువ చాలు. అడుగున పొడి మిగిలితే ఇంకొంచెం నీళ్లు పోసి గిరగిర తిప్పి తాగేయండి. ఆ అడుగు పొడిని రోజూ సింకులో పారబోసే ఒకాయన "నాకు క్రియేటిన్ పడలేదండీ" అని వచ్చాడు. లెక్కేస్తే ఆయన తాగింది సగంకన్నా కాస్తే ఎక్కువ.

ఉదయమా, సాయంత్రమా అన్న టెన్షన్ వద్దు. మర్చిపోకుండా ఉండే వేళ ఏదైతే అదే మంచి వేళ. వ్యాయామం లేని రోజు కూడా మానొద్దు.

## 7. తేడా కొడితే

కడుపులో గడబిడ, విరేచనాలు. ఇది చాలావరకు ఒకేసారి ఎక్కువ తీసుకోవడం వల్లే. ఒక అధ్యయనంలో 10 గ్రాములు ఒకేసారి తాగినవాళ్లలో సగానికి పైగా విరేచనాలు అయ్యాయన్నారు. అదే 10 గ్రాములను రెండు ఐదులుగా తీసుకున్నవాళ్లలో ఆ సంఖ్య మూడో వంతు కూడా లేదు, ఉత్తుత్తి పొడి తాగినవాళ్లకన్నా ఎక్కువేమీ కాదు. లోడింగ్ ఆపి 3 గ్రాములకు దిగండి, తిన్న తర్వాత తీసుకోండి, పూర్తిగా కరిగించి తాగండి.

మొదటి వారంలో కిలో, కిలోన్నర బరువు పెరిగింది. లోడింగ్ చేస్తే ఇది మామూలే. క్రియేటిన్‌తో పాటు నీళ్లు కండరంలోకి వెళ్తాయి. "మాది నీరు పట్టదు" అనే రకం నిజంగానే పట్టకపోతే, కండరంలోకి క్రియేటిన్ చాలినంత చేరలేదేమో అని అనుమానించాలి.

నెల దాటినా ఏమీ తెలియడం లేదు. ముందు డోసు, అడుగు పొడి, మానేసిన రోజులు లెక్క చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే మీ కండరాల్లో నిల్వ ముందునుంచే నిండుగా ఉండి ఉండొచ్చు. అలాంటివాళ్లు కొందరుంటారు. రకం మార్చితే వాళ్లకు లాభం లేదు, నిండిన కుండలో ఇంకెక్కడ పోస్తాం? మానేసి ఆ డబ్బు మిగుల్చుకోండి.

3 గ్రాములను విడగొట్టి, తిన్నాక తాగినా కడుపు ఒప్పుకోవడం లేదు. హైడ్రోక్లోరైడ్‌కు మారడానికి నాకు సబబుగా తోచే కారణం ఇదొక్కటే. కడుపుకు తేలిక అన్న మాటకు గట్టి ఆధారం లేకపోయినా ప్రయత్నించి చూడొచ్చు. అయితే డోసు మాత్రం క్రియేటిన్ లెక్కన సమానంగా పెట్టండి. 3 గ్రాముల మోనోహైడ్రేట్‌లో 2.64 గ్రాముల క్రియేటిన్ ఉంది, దాన్ని 0.78తో భాగిస్తే సుమారు 3.4 గ్రాముల హైడ్రోక్లోరైడ్. 750 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లలో అది నాలుగున్నర, అంటే రోజుకు నాలుగో ఐదో.

## 8. రక్తపరీక్షకు ముందు

క్రియేటిన్ వాడే ఒక స్నేహితుడు ఏటా చేయించుకునే చెకప్‌కు వెళ్లాడు. సీరం క్రియేటినిన్ కాస్త ఎక్కువ వచ్చింది, రిపోర్టులో కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకె తగ్గింది, పక్కన ఎర్ర గుర్తు. ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. క్రియేటిన్ వాడుతున్నట్టు అతను డాక్టర్‌కు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

క్రియేటిన్ విరిగితే వచ్చేదే క్రియేటినిన్. ఒంట్లో క్రియేటిన్ పెరిగితే కిడ్నీలు బాగానే ఉన్నా ఆ అంకె కొంచెం పైకి వెళ్లొచ్చు. ఈజీఎఫ్‌ఆర్‌ను ఆ అంకె నుంచే లెక్కగడతారు కాబట్టి అది కిందికి దిగినట్టు కనిపిస్తుంది. ముందు రోజు కాళ్ల వ్యాయామం గట్టిగా చేసినా ఇలాగే అవ్వొచ్చు. అలాగని ఎర్ర గుర్తును "క్రియేటిన్ వల్లేలే" అని కొట్టిపారేయకూడదు కూడా. నిజమైన కిడ్నీ సమస్య కూడా అలాగే కనిపిస్తుంది.

పరీక్షకు వెళ్లే ముందు:

- ఏ రకం, రోజుకు ఎన్ని గ్రాములు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చీటీ రాసి డాక్టర్‌కు ఇవ్వండి.
- ఒకటి రెండు రోజుల ముందు నుంచి గట్టి వ్యాయామం ఆపండి.
- అనుమానం మిగిలితే కిడ్నీల పనితీరును క్రియేటినిన్ లేకుండా చూసే సిస్టాటిన్ సి పరీక్ష గురించి అడగండి. ఆ అంకె క్రియేటిన్ వాడకం మీద ఆధారపడదు.
- క్రియేటిన్ ఆపి మళ్లీ పరీక్ష చేద్దామని డాక్టర్ అంటే, కండరంలో నిల్వ పాత స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని గుర్తుంచుకుని తేదీ పెట్టుకోండి.

నా స్నేహితుడికి సిస్టాటిన్ సి మామూలుగానే వచ్చింది. అతను ఇప్పటికీ రోజుకు 3 గ్రాముల మోనోహైడ్రేట్ వాడుతున్నాడు. చీటీ మాత్రం పర్సులోనే ఉంటుంది.